‘మీ తొమ్మిదా, మా తొమ్మిదా?’ సీనియర్‌కు బుకింగ్ లింకు పంపే పద్ధతి

డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మీ కాలేజీ సీనియర్‌ను ఒక ఇరవై నిమిషాలు మాట్లాడమని అడిగారనుకోండి. ఆయన ‘తప్పకుండా తమ్ముడూ, శనివారం చూద్దాం’ అన్నారు. ‘ఎన్నింటికి అన్నా?’ అని మీరు. మర్నాడు ‘తొమ్మిది?’ అని ఆయన. ‘మీ తొమ్మిదా, మా తొమ్మిదా?’ అని మీరు. ఆ తర్వాతి రోజు ‘సారీ, శనివారం పాప క్లాసుంది, ఆదివారం కుదురుతుందా?’ అని ఆయన. మీకు పగలైతే ఆయనకు రాత్రి కాబట్టి ఒక్కో జవాబుకు ఒక్కో రోజు పోతుంది. ఇలా వారం గడిస్తే మాట్లాడదామన్న ఉత్సాహం ఆయనకు తగ్గిపోతుంది. అందులో ఆయన తప్పేమీ లేదు.

రెండుసార్లు టైమ్ కుదరలేదంటే బుకింగ్ లింకుకు మారిపోవచ్చు. మొదటి మెసేజ్‌లోనే మాత్రం వద్దు. సాయం అడిగేది మనం. ముఖపరిచయం కూడా లేకుండా లింకు పంపితే మనమే ఆయనకు అపాయింట్‌మెంట్ ఇస్తున్నట్టుంటుంది. రెండుసార్లు ప్రయత్నించాక పంపితే అదే లింకు ఆయన పని తగ్గించినట్టవుతుంది.

పేజీ తయారీకి పెద్ద పనేం లేదు. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి `Create` నొక్కి `Appointment schedule` ఎంచుకోండి. మామూలు జీమెయిల్ ఖాతాకు ఇలాంటి పేజీ ఒకటి ఉచితం. కాలెండ్లీలోనూ ఉచిత ఖాతా ఉంది. నిడివి 20 నిమిషాలు పెట్టండి. రోజంతా ఖాళీ అని వదిలేయకుండా మీరు నిజంగా తీరిగ్గా ఉండే వేళలే ఇవ్వండి: రాత్రి 8 నుంచి 10 వరకు, ఉదయం 6.30 నుంచి 8 వరకు. కనీసం పన్నెండు గంటల ముందు బుక్ చేయాలనే నిబంధన కూడా పెట్టండి. లేకపోతే మీరు నిద్రలో ఉండగా ఆయన పొద్దున్నే 6.30కి బుక్ చేస్తారు, మీరు లేచి చూసేసరికి ఏడవుతుంది. మీరిచ్చిన వేళల్లో ఎప్పుడైనా వేరే పనులుంటే, అవి మీ క్యాలెండర్‌లో లేకపోతే ఆ వేళలూ ఖాళీగానే కనిపిస్తాయి, ముందు వాటిని ఎక్కించండి.

లింకు తెరిచినవారికి సాధారణంగా వాళ్ల ఊరి టైమే కనిపిస్తుంది. అసలు లాభం ఇదే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతుంది. మనకు ఆ గొడవ లేదు. అందుకే డల్లాస్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు రాత్రి 7.30, చలికాలంలో 8.30. ఈ లెక్క నోటితో వేసి కాల్ పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

ఇక మెసేజ్. ‘దయచేసి కింది లింకులో బుక్ చేసుకోగలరు’ అని మాత్రం రాయకండి, అది కస్టమర్ కేర్ భాష. డిసెంబరులో అయితే ఇలా రాయొచ్చు:

‘అన్నా, టైమ్ కోసం మిమ్మల్ని మాటిమాటికీ అడగాల్సి వస్తోంది. మీరు చెప్పిన ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టాను, జాయిన్స్ దగ్గర ఆగాను, అదే అడగాలి. ఆదివారం మీ ఉదయం 9 (మాకు రాత్రి 8.30) కుదిరితే “సరే” అని పెట్టండి చాలు. కుదరకపోతే ఈ లింకులో మీ టైమ్ ప్రకారం నా ఖాళీలున్నాయి, వీలైనది నొక్కండి. మీకే లింకు ఉంటే పంపండి, నేనే బుక్ చేస్తాను.’

ఇందులో ఆత్మీయత ‘అన్నా’లో కంటే జాయిన్స్ మాటలో ఎక్కువుంది. ఆయన చెప్పింది మీరు చేశారని అక్కడ తెలుస్తోంది. లింకు తెరవకుండానే ఒక్క మాటతో తేల్చేసే దారి కూడా ఉంచాం. కొందరికి కొత్త పేజీలో పేరు, ఈమెయిల్ ఇవ్వడం నచ్చదు. వాళ్లు ‘సరే’ అంటే మీరే క్యాలెండర్‌లో వేసి మీట్ లింకు పంపండి.

పంపే ముందు ఆ లింకును ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. లాగిన్ అడుగుతోందా, పేరు, ఈమెయిల్ కాక ఫోన్ నంబరూ ప్రశ్నలూ ఉన్నాయా? ఉంటే తీసేయండి. ఆయన బుక్ చేశాక మెయిల్ దానంతటదే వెళ్తుంది, అయినా వాట్సాప్‌లో మీరే ‘థాంక్యూ అన్నా, ఆదివారం మీ 9కి కలుద్దాం’ అని పెట్టండి. మెయిల్ స్పామ్‌లో పడినా మాట చేరుతుంది.

కంపెనీ ఇంటర్వ్యూలకు ఈ పద్ధతి వద్దు. హెచ్‌ఆర్ తమ లింకు పంపితే అందులోనే ఎంచుకోండి, పంపకపోతే మీకు వీలైన రెండు మూడు సమయాలు రాసి ఇవ్వండి. అక్కడ ప్యానెల్‌లో ఉన్న అందరి క్యాలెండర్లూ కలవాలి, మీ పేజీ వాళ్లకు పనికిరాదు. ఇక సీనియర్‌తో కాల్ అయిపోయాక ఆ బుకింగ్ పేజీ తీసేయండి. అలాగే వదిలేస్తే లింకు ఉన్నవాళ్లెవరైనా ఎప్పుడైనా మీ టైమ్ బుక్ చేసుకోవచ్చు.