కరెంటు బిల్లులో కార్బన్ లెక్క

మీరు పాశమైలారంలోనో మరో పారిశ్రామికవాడలోనో ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తున్నారనుకుందాం. ఇయర్ ఎండింగ్ పనుల్లో ఊపిరాడకుండా ఉన్నప్పుడు పెద్ద కస్టమర్ నుంచి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. గత ఏడాది మీ స్కోప్ 1, స్కోప్ 2 ఉద్గారాలు ఎన్ని టన్నులో నింపి పంపమని అందులో ఉంటుంది. యజమాని దాన్ని సేఫ్టీ ఆఫీసర్‌కి ఇస్తాడు, ఆయన మెయింటెనెన్స్‌ వాళ్లకి తోస్తాడు, తిరిగి తిరిగి అది మీ టేబుల్ మీదికే వస్తుంది. విసుక్కోకండి, చేరాల్సిన చోటికే చేరింది. దానికి కావలసినదంతా మీ వోచర్లలోనే ఉంది. కాకపోతే మీ దగ్గర రూపాయల్లో ఉంది, వాళ్లు కిలోల్లో అడుగుతున్నారు.

మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదికను వార్షిక నివేదికతో పాటు ఇవ్వాలని సెబీ నిబంధన. మీలాంటి సప్లయర్ల ఉద్గారాలు కస్టమర్‌కి స్కోప్ 3 కిందికి వస్తాయి. వాళ్ల కొనుగోళ్లలో 2 శాతం, అంతకు మించి వాటా ఉన్న సప్లయర్ల వివరాలు కూడా చెప్పాలని మొదటి 250 కంపెనీలకు సెబీ సూచించింది. అది 2025-26కి ఐచ్ఛికమే అయినా, అడగడం మాత్రం చాలామంది ముందుగానే మొదలుపెట్టారు.

మీ ఆవరణలో మీరు కాల్చినదీ, మీ యంత్రాల నుంచి లీకైనదీ స్కోప్ 1. మీరు కొన్న కరెంటు కోసం ఎక్కడో థర్మల్ స్టేషన్‌లో కాలిన బొగ్గు స్కోప్ 2. ఈ రెండూ తెలిస్తే షీటు నింపవచ్చు.

ప్లాస్టిక్ విడిభాగాలు పోతపోసే ఒక యూనిట్ లెక్క చేసి చూద్దాం. మొదట కరెంటు. హెచ్‌టీ కనెక్షన్ బిల్లులో డబ్బు కేవీఏహెచ్ మీద పడుతుంది కాబట్టి కన్ను నేరుగా ఆ అంకె మీదికే వెళ్తుంది. ఉద్గారాల లెక్కకు కావలసింది అది కాదు, అదే బిల్లులో ఉండే కేడబ్ల్యూహెచ్. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు డబ్బు కట్టిన అంకే వేసి పంపాను, ఎవరూ పట్టుకోలేదు కూడా. మన యూనిట్‌లో ఏడాదికి 10,20,000 కేవీఏహెచ్, 9,80,000 కేడబ్ల్యూహెచ్ అనుకోండి. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు ఎంత కార్బన్ డయాక్సైడ్ పడుతుందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది. 2023-24కి అది 0.727 కిలోలు. 9,80,000ని దానితో హెచ్చిస్తే 712 టన్నులు వస్తాయి. పొరపాటు అంకెతో అయితే 742 అయ్యేది. ఏ ఏడాది గుణకం వాడారో షీటులో పక్కనే రాయండి. గుణకం మారితే మీరు ఒక్క యూనిట్ ఆదా చేయకపోయినా ఉద్గారాలు తగ్గినట్టు కనిపించవచ్చు.

ఇక్కడే మరో రెండు చిక్కులున్నాయి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా వాడిన కరెంటు కావాలి తప్ప, ఆ పన్నెండు నెలల్లో కట్టిన బిల్లులు కాదు. మార్చి బిల్లుకు మీరు ప్రొవిజన్ ఎలా రాస్తారో, ఇక్కడా అలాగే. డాబా మీద సోలార్ ప్యానెళ్లుంటే, అవి ఇచ్చిన కరెంటు మేరకు గ్రిడ్ నుంచి తీసుకున్నది ఇప్పటికే తగ్గి ఉంటుంది. దాన్ని మళ్లీ తీసేస్తే ఒకే తగ్గింపును రెండుసార్లు రాసుకున్నట్టు.

తరవాత జనరేటర్‌కు వాడే డీజిల్. ఏడాదిలో 30,000 లీటర్లు కొన్నారు. ట్యాంకులో మొదట 2,000 లీటర్లు ఉంటే ఆఖరున 4,000 మిగిలాయి. అంటే కాలింది 28,000 లీటర్లే. లీటరుకు సుమారు 2.68 కిలోల చొప్పున 75 టన్నులు. స్టోర్స్ రిజిస్టర్ నమ్మదగ్గదో కాదో తేల్చడానికి మీ లెడ్జరే సాక్షి. డీజిల్ జీఎస్టీలోకి రాదు, ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి బంకులో కట్టిన ధర మొత్తం ఖర్చు ఖాతాలో ఉంటుంది. 2024-25లో హైదరాబాద్‌లో లీటరు 95, 96 రూపాయలు. లెడ్జర్ మొత్తాన్ని దానితో భాగిస్తే 30,000 దరిదాపుల్లో రావాలి. 24,000 వచ్చిందంటే కొంత డీజిల్ వేరే ఖాతాలోకి, చాలాసార్లు ప్రయాణ ఖర్చుల్లోకి, పోయి ఉంటుంది. కంపెనీ కారులో పోసినదీ స్కోప్ 1 కిందికే వస్తుంది గనుక దాన్ని వెతికి పట్టుకోవాలి.

అందరూ మరిచిపోయేది మూడోది, ఏసీల్లో, చిల్లర్లలో నింపే గ్యాస్. ఏసీ మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి వెళ్తాడు, బిల్లు రిపేర్ల ఖాతాలో పడుతుంది, నేరేషన్‌లో ‘గ్యాస్ చార్జింగ్’ అని మాత్రం ఉంటుంది. మళ్లీ నింపాల్సి వచ్చిందంటే అంత గ్యాస్ గాల్లోకి పోయిందన్నమాట. ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో లీకైతే, వాతావరణంపై ప్రభావంలో అది ఐపీసీసీ ఐదో నివేదిక గుణకాల ప్రకారం సుమారు 1,924 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 12 కిలోలు నింపించారంటే 23 టన్నులు. ఏడాది పొడవునా మోతెత్తించిన జనరేటర్ ఇచ్చింది 75 టన్నులైతే, చడీచప్పుడు లేకుండా పోయిన గ్యాస్ అందులో మూడో వంతుకు దగ్గరగా ఉంది. బిల్లులో కిలోలు రాయకపోతే మెకానిక్‌కు ఫోన్ చేయడం తప్ప దారి లేదు.

మొత్తం స్కోప్ 1 98 టన్నులు, స్కోప్ 2 712, కలిపి 810. టర్నోవర్ 45 కోట్లైతే కోటికి 18 టన్నులు. ఈ భాగహారంలో వాడే టర్నోవర్ లాభనష్టాల ఖాతాలోని ‘రెవెన్యూ ఫ్రమ్ ఆపరేషన్స్’ అయి ఉండాలి. జీఎస్టీ కలిపిన అమ్మకాలో, వడ్డీ ఆదాయం కలిసిన మొత్తమో వేస్తే తీవ్రత తక్కువగా కనబడుతుంది. కస్టమర్ తన వాటా మాత్రమే అడిగితే, అమ్మకాల విలువ కన్నా సరుకు బరువును బట్టి పంచడం నాకు సబబుగా తోస్తుంది. ధర పెంచినంత మాత్రాన ఎవరి వాటా ఉద్గారాలూ పెరగవు కదా.

లిస్టెడ్ కంపెనీలో పనిచేసేవారికి ఖాతాలతో ఈ పొంతన ఇంకా ముఖ్యం. బీఆర్‌ఎస్‌ఆర్ ఆడిట్ అయిన ఆర్థిక నివేదికల్లో భాగం కాదు. అయినా వార్షిక నివేదికలోని మిగతా సమాచారాన్ని చదివి, ఖాతాలతో పొసగనిది ఏమైనా ఉందా అని చూడటం ఎస్‌ఏ 720 ప్రకారం ఆడిటర్ బాధ్యత. ఇంధన ఖర్చు 20 శాతం పెరిగి, ఉద్గారాలు 10 శాతం తగ్గాయని ఉంటే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది. జవాబు ఉండొచ్చు, ధరే పెరిగి ఉండొచ్చు. ఆ జవాబును కాగితం మీద ముందే పెట్టుకోవాలి.

షీటు చివర వాతావరణ రిస్కు గురించి ఒక గడి ఉంటుంది. అక్కడ ఆదర్శాలు రాయకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినట్టుగా వరద వచ్చి గోదాముల్లో సరుకు తడిస్తే ఆ నష్టం ఖాతాల్లో వెంటనే రాయాలి, బీమా సొమ్మును మాత్రం వస్తుందని దాదాపు ఖాయమయ్యే దాకా ఆదాయంగా చూపలేరు. ఆ మధ్యకాలంలో చేతిలో నగదు ఎంత కావాలన్నదే మీ రిస్కు. కాబట్టి మీ షెడ్డు పల్లంలో ఉందా, నేలమట్టాన ఎంత విలువైన సరుకు ఉంటుంది, పాలసీలో వరద ఉందా, మీరు భరించాల్సిన మొత్తం ఎంత అన్న నాలుగు సంగతులూ రాయండి. ఆ గడికి అవి చాలు.

ఈ వారం ఒక్క పని చేయండి. రిపేర్ల ఖాతాలో ‘గ్యాస్ చార్జింగ్’ వోచర్లన్నీ బయటికి తీసి, ఏ గ్యాస్, ఎన్ని కిలోలు అన్నది మెకానిక్ చేత రాయించుకోండి. వచ్చే మార్చికి ఆయనకే గుర్తుండదు.