తేదీ గడిలో ఎడమకు జరిగిందా?

ప్రశ్న: టీజీపీఎస్సీ, ఎస్సెస్సీ, ఐబీపీఎస్‌లకు అప్లై చేస్తున్నాను. గూగుల్ షీట్‌లో రాసుకున్నా గడువులు తప్పుతున్నాయి. ఎందుకు?
— ఒక అభ్యర్థి, వేములవాడ

జవాబు: ముందు తేదీలు చూడండి. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే, ఆగస్టు 5 అనుకుని మీరు కొట్టిన 05/08 కాస్తా మే 8 అవుతుంది. 25/08ని అసలు తేదీగానే గుర్తించదు. అది గడిలో ఎడమవైపు ఉండిపోతుంది. తేదీగా గుర్తిస్తే కుడివైపు ఉంటుంది. కోరుట్లలోనో సిరిసిల్లలోనో కంప్యూటర్ దొరికినప్పుడు File, Settings, Locale లోకి వెళ్లి India ఎంచుకోండి. పాత తేదీలు మళ్లీ కొట్టక తప్పదు. గడువు C2 గడిలో ఉంటే, మిగిలిన రోజుల కోసం పక్క గడిలో ఇది రాయండి:

```
=C2-TODAY()
```

ఒక్క గడువు గడి చాలదు. ఎస్సెస్సీ ఫీజుకు వేరే ఆఖరు తేదీ ఇస్తుంది. ఐబీపీఎస్ అయితే దరఖాస్తు ప్రింటుకూ గడువు పెడుతుంది. అందుకే సబ్మిట్ చేసిన రోజే పీడీఎఫ్ డ్రైవ్‌లో దాచి, లింకు ఆ వరుసలోనే అతికించండి.

టీజీపీఎస్సీ ఓటీఆర్ ఐడీ అన్ని నోటిఫికేషన్లకూ ఒక్కటే. ఐబీపీఎస్ రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం ప్రతిసారీ మారుతుంది, కాబట్టి వరుసకొకటి రాయాలి. పాస్‌వర్డులు షీట్‌లో వద్దు. ఏ ఫోన్ నంబరు, ఏ మెయిల్ ఇచ్చారో రాస్తే చాలు, పాస్‌వర్డు మరిచిపోయినా మార్చుకోవచ్చు. నెట్ సెంటర్‌లో నింపించిన ఫారాలకు వాళ్ల మెయిల్ ఇచ్చారేమో ఇప్పుడే కనుక్కోండి.