సందేహాలు – సమాధానాలు: ‘కోర్టుకు పోరాదు’ అని చట్టమే అంటే?

ప్రశ్న: మా తాతల నాటి పట్టా భూమి గుడి మాన్యమంటూ దేవాదాయ శాఖ నోటీసు ఇచ్చింది. దావా వేద్దామంటే 151వ సెక్షన్ అడ్డమొస్తుందని వకీలు సాబ్ అన్నారు. ఇక మాకు కోర్టే లేదా?
– ఒక రైతు, ధర్మపురి

జవాబు: వకీలు చెప్పింది సగం నిజం. 1987 దేవాదాయ చట్టంలోని 151వ సెక్షన్ గుడితో ముడిపడిన ప్రతి దావానూ ఆపదు. ఏ తగాదాను తేల్చే దారి ఆ చట్టంలోనే ఉందో, దాన్ని మాత్రమే సివిల్ కోర్టుకు పోనివ్వదు.

నెల్లూరు జిల్లా నరసింహులకొండ వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి కేసు చూడండి. కొత్త ధర్మకర్తలు పాత ధర్మకర్త మీద లెక్కలు చెప్పమని దావా వేశారు. అప్పటి 1951 మద్రాసు చట్టంలోనూ ఇలాంటి నిషేధమే, 93వ సెక్షన్. ఆడిట్ ఏర్పాటు చట్టంలో ఉంది కదా, దావా చెల్లదని ఎదుటివారు వాదించారు. ఆడిట్ వేరు, పాత ధర్మకర్త బాధ్యతను పూర్తిగా లెక్కగట్టి వసూలు చేయడం వేరు. ఈ రెండో పనికి చట్టంలో దారి లేదు కాబట్టి దావా నిలుస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసింది కోకా సుబ్బారావు గారు.

మీ విషయంలో చిక్కు ఇక్కడే ఉంది. ఒక ఆస్తి దేవాదాయానికి చెందిందా కాదా అన్న ప్రశ్నను 87వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. కాబట్టి మీ భూమి గుడిది కాదని తేల్చమంటూ సివిల్ కోర్టుకు వెళితే మొదట్లోనే ప్లెయింట్ తిరస్కరించమని అడుగుతారు, ఆ వాదనలోనే ఏళ్లు గడిచిపోతాయి. పాత పహాణీలు, సేత్వార్, శిస్తు రశీదులు తీసుకుని ట్రిబ్యునల్‌కు వెళ్లండి. అక్కడి తీర్పు నచ్చకపోతే హైకోర్టుకు అప్పీలు ఉంది. అదే భూమి గట్టు గురించి మీ అన్నదమ్ములతో గొడవైతే అది మామూలు సివిల్ దావా, 151తో దానికి పని లేదు.

మీకు నోటీసే ఇవ్వకుండా, మీ మాట వినకుండా భూమి తీసుకునే ప్రయత్నం జరిగితే అప్పుడు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. అయితే పట్టా అసలుదా నకిలీదా అని సాక్షులను విచారించి తేల్చే పని రిట్‌లో సాధారణంగా జరగదు. అధికారి పద్ధతి తప్పాడని చూపగలిగితేనే అది పనికొస్తుంది.

ప్రశ్న: ఆ రిట్ దారిని కూడా రాజ్యాంగ సవరణతో మూసేస్తే?
– ఒక ఉపాధ్యాయుడు, జగిత్యాల

జవాబు: మూశారు కూడా. 1976లో 42వ సవరణ తెచ్చిన 323ఎ అధికరణం ఉద్యోగుల సర్వీసు తగాదాలను ట్రిబ్యునళ్లకిచ్చి, హైకోర్టులను పక్కకు తప్పించే వీలు కల్పించింది. సకినాల హరినాథ్ కేసులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ 1993లో ఆ భాగం చెల్లదంది. ఎల్. చంద్రకుమార్ కేసులో 1997 మార్చి 18న ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులూ అదే తేల్చారు: న్యాయసమీక్ష రాజ్యాంగ మూలస్వరూపంలో భాగం, సవరణ కూడా దాన్ని తీసేయలేదు. దాంతో ట్రిబ్యునళ్లు రద్దు కాలేదు. ట్రిబ్యునల్ ఉన్న చోట ఉద్యోగి ముందు అక్కడికే వెళ్లాలి. ట్రిబ్యునల్ తీర్పు మీద మాత్రం హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్ ముందు రిట్ వేసుకోవచ్చు.