మామోగ్రాంలో తెల్ల చుక్కలు



రొమ్ముకు తీసే ఎక్స్‌రేయే మామోగ్రాం. అందులో కొవ్వు నల్లగా, పాలగ్రంథులు తెల్లగా కనిపిస్తాయి. తెలుపు ఎక్కువుంటే ‘దట్టమైన రొమ్ము’ అంటారు. అది జబ్బు కాదు. కాని గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది కనుక అందులో కలిసిపోయి కనబడకపోవచ్చు.

కాల్షియం చుక్కలు ఇంకా తెల్లగా ఉంటాయి; దట్టమైన రొమ్ములోనూ చాలావరకు కనిపిస్తాయి. ఇవి తాంబూలంలో సున్నం వల్లనో, కాల్షియం మాత్రల వల్లనో వచ్చేవి కావు.

ఏవి మామూలువి?

పెద్దగా, గుండ్రంగా, రెండు రొమ్ముల్లోనూ చెదురుగా ఉన్నవి. పేలాల్లాంటివి పాత మామూలు గడ్డవి. రైలుపట్టాల్లాంటి జంట గీతలు రక్తనాళాలవి.

ఏవి అనుమానించాలి?

ఇసుకలా సన్నగా, ఒక్కోటి ఒక్కో ఆకారంలో, ఒకేచోట గుమిగూడినవి. పాలనాళం వెంట కొమ్మల్లా చీలినవి.

52 ఏళ్ల ఒకామెకు కుడి రొమ్ములో అలాంటి గుంపు కనిపించిందనుకోండి. చేతికి గడ్డ తగలదు. అయినా ఊరుకోకూడదు. ఆ చోటును పెద్దదిగా చూపే ఎక్స్‌రే మళ్ళీ తీస్తారు. అనుమానం తీరకపోతే సూదితో ముక్కలు తీస్తారు. ఆ ముక్కలకూ ఎక్స్‌రే తీసి, చుక్కలు వాటిలో వచ్చాయో లేదో చూస్తారు. రాకపోతే పరీక్ష పూర్తికానట్లే. చాలామందికి క్యాన్సర్ లేదనే తేలుతుంది. ఉంటే, నాళం దాటకముందే దొరకవచ్చు.

పాత మామోగ్రాం ఫిల్ములు పారేయకండి. చుక్కలు కొత్తవా, పాతవా అని డాక్టరు చెప్పేది వాటిని చూసే.