మొదటి బీమా ప్రపోజల్: సమ్ అష్యూర్డ్, రైడర్ తేడా తెలిశాకే సంతకం

కువైట్‌లోని మిష్రిఫ్ విల్లాల్లో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా పనిచేసే మనవాళ్లలో చాలామంది సెలవుకు ఊరొచ్చినప్పుడే మొదటి పాలసీ తీసుకుంటారు. ప్రపోజల్ ఫారం నింపే ముందు ఈ ఆరు విషయాలు చూసుకోండి.

1. ఇప్పటికే ఏముందో చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. కానీ అది ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి ఇచ్చేది. గుండెపోటుతో పోతే ఆ 10 లక్షలు రావు. పైగా అది రెండు మూడేళ్లకే ముగుస్తుంది, మళ్లీ కట్టుకోవాలి. కాబట్టి దాన్ని జీవిత బీమాగా లెక్కేయకండి.

2. సమ్ అష్యూర్డ్ అంటే కంపెనీ హామీ ఇచ్చే బీమా మొత్తం. పాలసీ నడుస్తుండగా జబ్బుతో పోయినా, ప్రమాదంలో పోయినా నామినీకి అందే డబ్బుకు ఇదే ఆధారం. మొదటి ఏడాదిలో ఆత్మహత్యకు మాత్రం ఇది వర్తించదు.

3. రైడర్ అంటే అసలు పాలసీకి అదనపు ప్రీమియంతో తగిలించుకునే రక్షణ. దానిలో రాసిన కారణం జరిగితేనే డబ్బు వస్తుంది. ప్రీమియం ఆగి పాలసీ ల్యాప్స్ అయితే రైడర్ కూడా పోతుంది.

4. రెండూ కలిపి లెక్కేయకండి. ఒక డ్రైవర్‌కు 10 లక్షల సమ్ అష్యూర్డ్, 10 లక్షల యాక్సిడెంట్ రైడర్ ఉన్నాయనుకుందాం. రోడ్డు ప్రమాదంలో పోతే ఇంటికి 20 లక్షలు, గుండెపోటైతే 10 లక్షలే. ఆ 10 లక్షల్లో 4 లక్షల అప్పు తీర్చాక మిగిలేది 6 లక్షలు. నెలకు 15 వేల ఖర్చున్న ఇంటికి అది 40 నెలలకే సరిపోతుంది. అందుకే ముందు అప్పు, ఇంటి ఖర్చు చూసి సమ్ అష్యూర్డ్ ఎంచుకోండి. ప్రీమియం భారమనిపిస్తే, అదే డబ్బుకు ఎక్కువ మొత్తం ఇచ్చే టర్మ్ పాలసీ అడగండి. చివరిదాకా బతికి ఉంటే మామూలు టర్మ్ పాలసీలో డబ్బు తిరిగి రాదని గుర్తుంచుకోండి.

5. రైడర్ షరతులు చదివించుకోండి. ఎల్ఐసీ ప్రమాద రైడర్‌లో ప్రమాదం జరిగిన 180 రోజుల్లోపు మరణిస్తేనే డబ్బు. వైకల్యమంటే రెండు కళ్లూ, రెండు చేతులూ, రెండు పాదాలూ, లేదా ఒక చెయ్యి, ఒక పాదం పోవడం వంటివే. ఒక్క కాలు మాత్రమే పోతే సరిపోదు. తాగి ఉండగా జరిగిన ప్రమాదానికీ ఇవ్వరు.

6. ఫారంలో నిజమే రాయండి. ఊరి చిరునామాతో సరిపెట్టకుండా కువైట్‌లో ఉంటున్నట్టు, చేసే పని, షుగర్, బీపీ అన్నీ చెప్పండి. విదేశంలో ఉన్నవారికి కొన్ని రైడర్లు ఇవ్వకపోవచ్చు, ముందే అడగండి. దాచిన విషయం బయటపడితే మొదటి మూడేళ్లలో కంపెనీ క్లెయిమ్‌ను ప్రశ్నించగలదు. బాండ్ చేతికొచ్చాక సమ్ అష్యూర్డ్, రైడర్ వేర్వేరు గడుల్లో మీరు అడిగినట్టే ఉన్నాయో చూడండి. తేడా ఉంటే 30 రోజుల్లోపు పాలసీ తిప్పి పంపవచ్చు. స్వల్ప ఖర్చులు మినహాయించి ప్రీమియం వెనక్కి ఇస్తారు.