ఆఫర్ లెటర్ రెండో పేజీ

చిట్టితల్లీ,

నువ్వు పంపిన రెండు ఆఫర్ లెటర్లూ నిదానంగా చదివాను. ఏడు లక్షల ఇరవై వేలది పైన, అయిదు లక్షలది కింద రాసుకున్నావు. నేనైతే ఆ వరస తిరగేస్తాను.

ముందు 7,20,000 లెక్క చూద్దాం. సీటీసీ అంటే కంపెనీ నీ మీద పెట్టే ఖర్చంతా. అది నీ చేతికొచ్చే జీతం కాదు. రెండో పేజీలో పట్టిక ఉంది చూడు. అందులో లక్ష జాయినింగ్ బోనస్. అది మొదటి ఏడాదికే, పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. డెబ్భై వేలు వేరియబుల్ పే, రేటింగును బట్టి ఇస్తారు. కంపెనీ వాటా పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ 14,400, అదీ మామూలుగా అయిదేళ్లు చేస్తేగానీ రాదు. ఇవన్నీ తీసేసి, నీ వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్ కూడా పోతే నెలకు చేతికొచ్చేది సుమారు 40,800. అయిదు లక్షల ఆఫరులో బోనసూ వేరియబులూ లేవు కాబట్టి, అదే లెక్కన 36,900 దాకా వస్తుంది. కాగితం మీద ఏడాదికి రెండు లక్షల ఇరవై వేలున్న తేడా నెలకు నాలుగు వేలకు దిగింది.

ఆ నాలుగు వేల కోసం ఏం వదులుకుంటున్నావో చూడు. పెద్ద ఆఫరు ప్రొడక్షన్ సపోర్టుది. రాత్రి షిఫ్టులో టికెట్ వస్తుంది. రన్‌బుక్‌లో రాసినట్టు సర్వీసు రీస్టార్టు చేస్తావు, తీరకపోతే పై టీముకు పంపుతావు. అదెందుకు పడిపోయిందో వెతికేది వాళ్లు, కోడు సరిచేసేది డెవలపర్లు. మొదటి ఆరు నెలలు నేర్చుకునేది బాగానే ఉంటుంది, ఆ తర్వాత అవే టికెట్లు. రెండేళ్లకు డెవలపర్ ఇంటర్వ్యూకి వెళితే, నువ్వు రాసిన మాడ్యూల్ గురించి చెప్పమంటారు. చెప్పలేకపోతే ఫ్రెషర్ జీతమే చూపిస్తారు. సపోర్టు తక్కువ పనని కాదమ్మా. స్క్రిప్టులు రాయనిచ్చి పైకి తీసుకెళ్లే టీములూ ఉన్నాయి. నీ లెటర్లో మాత్రం ఆ ఊసే లేదు.

అయిదు లక్షల ఆఫరిచ్చిన చిన్న కంపెనీలో జావా కోడు రాస్తావు, సీనియర్ చూసి దిద్దుతాడు. నీకు కావలసిన ఎదుగుదల ఆ దిద్దుబాటులోనే ఉంది. అయితే ఎదుగుదల ఉందని ప్రతి కంపెనీ చెబుతుంది, నువ్వు విచారించుకోవాలి. మొదటి మూడు నెలలు ఏ పని ఇస్తారు? నా కోడు చూసేవాళ్లకు ఎన్నేళ్ల అనుభవం? రెండేళ్ల క్రితం ఇదే ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? మూడో ప్రశ్నకు జవాబు లింక్డ్‌ఇన్‌లో నువ్వే వెతుక్కోవచ్చు. అందరూ ఏడాదికే మానేసి ఉంటే అనుమానించు. నీ కాలేజీ సీనియర్ ఎవరైనా అక్కడుంటే, జీతం ఒకటో తారీఖుకు పడుతోందా అని తప్పక అడుగు. జీతాలు ఆలస్యమయ్యే చోటయితే ఎంత నేర్పినా వద్దు.

నీ ఎడ్యుకేషన్ లోను కిస్తీ పదకొండు వేలు, హాస్టలు ఎనిమిది వేలు. 36,900లో ఇవి సర్దుకుంటాయి కాబట్టే ఈ మాట చెబుతున్నాను. సర్దుకోకపోతే జీతమే ముందు చూడమనేవాణ్ని.

సోమవారం హెచ్‌ఆర్ ఫోన్ చేసినప్పుడు మొదటి రెండు ప్రశ్నలూ అడుగు. జవాబు మెయిల్‌లో పంపమను. అది వచ్చాక మనిద్దరం కూర్చుని మళ్లీ చూద్దాం.

నాన్న