కోపం ఏ తారీఖున వస్తోంది?

నెలసరికి ముందు ఆడపిల్లలకు కాస్త చిరాకు, కడుపు ఉబ్బరం, చిన్న మాటకే కళ్ల నీళ్లు మామూలే. ఆ రోజుల్లోనూ అమ్మాయి కాలేజీకి వెళ్తుంది, స్నేహితురాళ్లతో నవ్వుతుంది. కానీ కొద్దిమందిలో పరిస్థితి వేరు. నెలలో ఓ వారం పదిరోజులు వాళ్లు మనకు తెలిసిన పిల్లలు కారు. దీన్నే ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్, క్లుప్తంగా పీఎండీడీ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని డిప్రెషన్ జబ్బుల వరుసలో చేర్చింది.

లాల్‌దర్వాజలో ఓ ఇల్లు, ఆ ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉందనుకుందాం. నెలలో కొన్నాళ్లు తలుపేసుకుని ఏడుస్తుంది, తమ్ముడి మీద విరుచుకుపడుతుంది, కాలేజీ మానేస్తుంది, ‘నేను లేకపోతేనే మీకు హాయి’ అంటుంది. నానమ్మ దిష్టి తీస్తుంది, నాన్న ఫోన్ లాక్కుంటాడు. నాలుగు రోజులకు పిల్ల మామూలైపోతుంది. దిష్టి పోయిందని ఒకరు, ఫోన్ మహిమని ఇంకొకరు. క్యాలెండర్ వైపు ఎవరూ చూడరు.

చూడాల్సింది అక్కడే. ఓ నోటుబుక్కు తీసి రోజూ రాత్రి అమ్మాయినే రాయమనండి. కోపం, దిగులు, ఆందోళన, నిద్ర, చదువు మీద ధ్యాస, ఒక్కోదానికి ఒకటి నుంచి ఆరు వరకు అంకె. ఒకటంటే అస్సలు లేదు, ఆరంటే భరించలేనంత. నెలసరి మొదలైన రోజును ఒకటో రోజుగా గుర్తు పెట్టాలి. కనీసం రెండు నెలలు రాయాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు, చెడ్డరోజులే జ్ఞాపకం ఉంటాయి. ఇంకో మాట, ఆ పుస్తకం మీరు తనిఖీ చేస్తారని తెలిస్తే ఆమె నిజం రాయదు.

మన అమ్మాయి పుస్తకం ఇలా ఉందనుకోండి. ఆరో రోజు నుంచి పదమూడో రోజు దాకా అన్నీ ఒకట్లు, రెండ్లు. ఇరవై దాటగానే కోపం నాలుగు, దిగులు ఐదు. ఇరవయ్యారో రోజున రెండూ ఆరే. నెలసరి వచ్చిన రెండో రోజుకు మూడు, నాలుగో రోజుకు మళ్లీ ఒకటి. మరుసటి నెలా అంతే. మధ్యలో ఆ తేటగా ఉన్న వారమే అసలు సాక్ష్యం. ఆ వారంలోనూ మూడు, నాలుగు అంకెలు కనిపిస్తే, అప్పటికే ఉన్న డిప్రెషన్ లేదా ఆందోళన నెలసరి ముందు ముదురుతోందేమో చూడాలి. దాని వైద్యం వేరు. నెలసరి ముందు రోజుల్లో కూడా అంకెలు రెండు, మూడు దాటకుండా, చదువు, మనుషులతో మాటామంతీ సాగిపోతుంటే కంగారు పడనక్కర్లేదు.

బోనాలకో పెళ్లికో నెలసరి వాయిదా వేయడానికి మందుల షాపులో మాత్రలు కొనే అలవాటు మన ఇళ్లలో ఉంది. అవి హార్మోన్ మాత్రలు. కొందరిలో మనసును ఇంకా కుంగదీస్తాయి, పైగా డైరీ లెక్క తప్పుతుంది. ఈ రెండు నెలలూ వాటి జోలికి వెళ్లొద్దు.

ల్యాబ్‌లో ఖరీదైన హార్మోన్ ప్యాకేజీ కూడా వద్దు. పీఎండీడీలో హార్మోన్ల స్థాయి మామూలుగానే ఉంటుంది. వాటి మామూలు ఎత్తుపల్లాలకే ఈ పిల్లల మెదడు ఎక్కువగా చలిస్తుంది. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు మాత్రం చేయించడం మంచిది.

పుస్తకం పట్టుకుని పేట్లబుర్జ్ ప్రసూతి ఆసుపత్రిలో గైనిక్ డాక్టరుకో, ఉస్మానియా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికో చూపించండి. ఎక్కువగా మొదట ఇచ్చేది ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మందు. డిప్రెషన్‌లో దీని గుణం కనబడటానికి వారాలు పడుతుంది, పీఎండీడీలో తరచు కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. అందుకే కొందరికి నెలంతా కాకుండా, నెలసరికి ముందు రెండు వారాలే ఇస్తారు. కడుపులో వికారం మొదట్లో ఉండొచ్చు. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఉంది కాబట్టి ఆ రోజుల్లో కనిపెట్టి ఉండాలి.

రెండో దారి డ్రోస్పిరెనోన్ ఉన్న గర్భనిరోధక మాత్ర. పెళ్లికాని పిల్లకు ఇదేంటని తల్లులు జంకుతారు. ఇక్కడ ఇది అండం విడుదలను ఆపే మందు మాత్రమే, మానేశాక పిల్లలు పుట్టడానికి అడ్డు కాదు. అయితే కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నా ముందే డాక్టరుకు చెప్పాలి. కౌన్సెలింగ్‌లో సీబీటీ అనే పద్ధతి కూడా కొందరికి ఉపయోగపడుతుంది. వ్యాయామం, కాల్షియం తేలికపాటి ఇబ్బందికి సాయపడతాయి, అంకె ఆరుకు చేరే రోజులకు వాటినే నమ్ముకోవద్దు.

చనిపోతానన్న మాట అంటే డైరీ పూర్తయ్యేదాకా ఆగకండి. ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ప్రమాదం దగ్గరగా ఉందనిపిస్తే ఆ రాత్రే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

మందు మొదలయ్యాకా అంకెలు రాస్తూనే ఉండాలి. ఇరవయ్యారో రోజు ఆరు కాస్తా మూడుకు దిగితే మందు పనిచేస్తున్నట్టు. రెండు, మూడు నెలలైనా దిగకపోతే మోతాదో, మందో మార్చమని డాక్టరును అడగండి.